సీమంతానికి నేనిచ్చిన దిండు

రాజాంలో మా చెల్లి వియ్యాలవారి వీధిలో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. విజయనగరం నుంచి పిల్ల పెద్దమ్మ వచ్చిందనీ, వంటింట్లో వియ్యపురాలితో తగువు పెట్టుకుందనీ, నిండు పేరంటంలోంచి గర్భిణిని లేవదీసుకుపోయి పడుకోబెట్టేసిందనీ, దాంతో హారతి లేకుండానే సీమంతం అయిపోయిందనీ. ఈ కథ నా చెవిన పడ్డ ప్రతిసారీ నేను దిద్దుతూనే ఉన్నాను. హారతి ఆగలేదు. గంటన్నర ఆలస్యమైంది. ఆగడానికీ ఆలస్యానికీ తేడా తెలియనివాళ్ళతో నేనేం మాట్లాడను? ఇక తగువంటారా, నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. వంటింట్లో గొంతు పెంచానని ఎవరైనా అంటే, ఆ వంటింట్లో గ్రైండరు తిరుగుతోందని వాళ్ళకి గుర్తుచేస్తాను.

అసలు సంగతి సీమంతానికి పదిహేను రోజుల ముందు మొదలైంది. మా చెల్లి కూతురు ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. రాజాంలో బట్టల వ్యాపారం చేసే ఇంటికి దాన్నిచ్చాం. కింద కొట్టు, పైన ఇల్లు. ఏడో నెలలో మూఢం వచ్చిందని సీమంతం తొమ్మిదో నెలకి జరిపారు. అది మామూలుగా గలగలా మాట్లాడే పిల్ల. ఆ రోజు గొంతులో పస లేదు.

"పెద్దమ్మా, ఎటు తిరిగి పడుకున్నా తుంటి మీద ఎవరో కూర్సున్నట్టే ఉన్నాది. వెల్లకిలా పడుకోవద్దని డాక్టరమ్మ సెప్పింది. పక్కకి తిరిగితే ఇదీ సంగతి. కుర్సీలో కూర్సొనే కునుకు తీస్తన్నాను."

కాళ్ళ గురించి అడిగాను. సాయంత్రానికి వాచి చెప్పులు ఎక్కడం లేదంది. ముఖం, చేతులు కూడా వాచాయా, తలనొప్పేమైనా ఉందా, బీపీ చూశారా అని వరసగా అడిగాను. వారం కిందటే చూశారట, అన్నీ బాగానే ఉన్నాయట, బిడ్డ ఎదుగుదలా బాగుందట. నెలలు నిండుతున్నప్పుడు ఒళ్ళు ఇలాగే ఉంటుంది, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక దిండు పెట్టుకొని పక్కకి తిరిగి పడుకో అన్నారట. ఇది మూడు దిండ్లు పెట్టుకుంది. మోకాళ్ళ మధ్యది జారిపోతుంది, పొట్ట కిందది నలిగిపోతుంది, వీపు వెనకది మంచం కిందకి పోతుంది. అటు నుంచి ఇటు తిరగాలంటే ఆ పొట్టేసుకొని లేచి కూర్చుని మూడింటినీ మళ్ళీ సర్దుకోవాలి. ఈ ప్రయాణం రాత్రికి ఎన్నిసార్లు చేస్తుంది పాపం?

అత్తగారికి చెప్పావా అంటే, "ఆవిడ అడగనేదు, నేను సెప్పనేదు" అంది. ఇంకా నాలుగైదు వారాలుంది. ఆ నాలుగైదు వారాలూ దానికి కంటి మీద కునుకు లేకపోతే, కాన్పు నాటికి దాని ఒంట్లో ఓపిక ఎక్కడుంటుంది? నా బెంగంతా అదే.

మా ప్రాంతంలో సీమంతానికి ఏమిస్తారో అందరికీ తెలుసు. పట్టుచీర, వెండి గిన్నె, గాజులు, చలిమిడి, పళ్ళు. అన్నీ తల్లికే ఇస్తారు, కాదనను. బిడ్డ సామాను పుట్టకముందు కొనకూడదన్న పట్టింపు మాకుంది కాబట్టి అన్నీ తల్లి పేరుమీదే వస్తాయి. కానీ తల్లికి ఇచ్చినవాటిలో ఆ నెలల్లో తల్లికి పనికొచ్చేది ఏదో ఒక్కటి నాకు చూపించండి. నా సీమంతానికి ఏడు చీరలు వచ్చాయి. ఒక్క దాని కుచ్చిళ్ళూ నా పొట్ట మీద నిలబడలేదు. అందులో ఒకదాన్ని మడిచి నడుం కింద పెట్టుకున్నాను. నాకు ఉపయోగపడ్డ చీర అదొక్కటే.

అందుకని నేను ఆ పిల్లకి గర్భిణుల దిండు తెప్పించాను. మనిషంత పొడుగు, గుర్రపు లాడంలా వంపు తిరిగి ఉంటుంది. మధ్యలో పడుకుంటే ఒక చెయ్యి ముందువైపు పొట్టకీ మోకాళ్ళకీ ఆసరా ఇస్తుంది, ఇంకో చెయ్యి వీపుని కాస్తుంది. తిరిగి పడుకున్నా సర్దుకోవడానికి ఏమీ ఉండదు. దాంతోపాటు ముందు గుండీలున్న మెత్తటి నూలు నైటీలు రెండు, దాని మామూలు కొలత కంటే ఒక సైజు పెద్దవి, వంగకుండా కాలు దూర్చుకోగలిగే చెప్పులు ఒక జత.

గజపతినగరంలో ఉన్న మా చెల్లికి చెప్పేసరికి అది నెత్తి కొట్టుకుంది.

"సీమంతానికి దిండేటప్పా? ఆళ్ళు ఏటనుకుంటారు?"

"నిద్ర పట్టింది అనుకుంటారు."

"అనుకోరు. గతిలేక దిండు తెచ్చారనుకుంటారు. ఎండి గిన్నైతే పదిమందికి కనపడతాది."

వెండి గిన్నెలో కాళ్ళు పెట్టుకొని పడుకోమను నీ కూతుర్ని అన్నాను. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోను చేసి, దిండు తెస్తే తెచ్చావు గానీ పసుపు కుంకుమల పక్కన చెప్పులు మాత్రం పెట్టొద్దు అంది. అది సబబైన మాటే. ఆ ఒక్క విషయంలో మా చెల్లే గెలిచిందని రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. చెప్పులు సంచిలోనే ఉంచి మెట్ల కింద వదిలేశాను.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. నా కథ చెప్పేవాళ్ళు ఇది వదిలేస్తారు, ఎందుకంటే వాళ్ళకి తెలియదు. దిండు వచ్చిన డబ్బా మీద ఒక బొమ్మ ఉంది. గులాబి రంగు బుగ్గలతో పసిబిడ్డ ఆ దిండు వంపులో బోర్లా పడుకుని నవ్వుతోంది. కాన్పయ్యాక పాలిచ్చేటప్పుడు కూడా ఈ దిండు పనికొస్తుందని చెప్పడానికి వేసిన బొమ్మ అది. పైగా దిండు తొడుగు నిండా చిన్న చిన్న ఏనుగులు. నేను ఏనుగుల్ని చూశాను, బాగున్నాయనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా వీధిలో అందరి తప్పులూ వెతికే నా కళ్ళకి ఆ ఏనుగులు ఏమని చెబుతాయో కనపడలేదు. డబ్బాకి రంగు కాగితం కూడా చుట్టకుండా అలాగే పట్టుకెళ్ళాను.

సీమంతం పై అంతస్తు హాల్లో చేశారు. పిల్లని పూలజడ వేసి, వడ్డాణం పెట్టి, ముదురాకుపచ్చ పట్టుచీరలో కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు చాప మీద వచ్చిన బహుమానాలు. ముత్తయిదువలు ఒక్కొక్కరూ బుగ్గలకి గంధం రాసి, గాజులు తొడిగి, అక్షింతలు వేసి వెళుతున్నారు. పిల్ల నవ్వుతూనే ఉంది, కానీ ప్రతి రెండు నిమిషాలకీ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ ఇంకో పక్కకి ఒరుగుతోంది. వీడియో తీసేవాడు కదలొద్దమ్మా అంటున్నాడు. వాడికి తొమ్మిదో నెల వస్తే తెలుస్తుంది.

నేను గాజులు తొడగడానికి వెళ్ళినప్పుడు చాప వైపు చూశాను. నా డబ్బా లేదు. వచ్చీరాగానే నేనే పెట్టాను, నైటీల ప్యాకెట్టు ఉంది, డబ్బా మాత్రం లేదు. పిల్ల కళ్ళతోనే వంటింటి వైపు చూపించింది.

వంటింట్లో వియ్యపురాలు కొబ్బరి పచ్చడి రుబ్బిస్తోంది. పిల్ల అత్తగారు సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే మనిషి. తనంతట తాను ఎక్కువ మాట్లాడదు. మాట్లాడని మనుషులంటే నాకు మొదటినుంచీ అనుమానం. దిండు ఏమైందని అడిగాను. నేను అడిగానని చెప్పిన ఒక్క ప్రశ్నా ఇదే.

ఆవిడ దాచలేదు. కింద గోడౌన్లో పెట్టించానంది. "ఏటనుకోకు వదినా. పిల్ల పుట్టాక నేనే తెప్పించి ఇస్తాను."

పిల్ల పుట్టాక తల్లి పొట్టే ఉండదు, అప్పుడు పొట్ట కింద దిండెందుకు అన్నాను. అది బిడ్డ పక్క కదా, డబ్బా మీద బిడ్డ పడుకునుంది కదా అంది ఆవిడ. కాదు, అది మీ కోడలి కోసం అన్నాను. కోడలి కోసమైతే ఆ ఏనుగులెందుకు అంది. నైటీలకి ముందు గుండీలు ఉన్నాయి, అవి కూడా పిల్లకి పాలివ్వడానికేనా, వాటినెందుకు గోడౌన్లో పెట్టలేదు అని నేనడిగాను. నిజమే కదా, అవి కూడా ఇటివ్వు అందావిడ. నా వాదన నాకే అడ్డం తిరిగింది. గ్రైండరు తిరుగుతోంది, నేను గొంతు పెంచాను, చాలా మంచి మాటలే అన్నాను, ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఈ రోజుల్లో కూడా ఇవేం పట్టింపులని అన్నానని మాత్రం తెలుసు.

ఆవిడ గ్రైండరు ఆపింది.

"మా పెద్దాడికి ముందు నాకొకడు. మా అమ్మ ముచ్చటపడి ఎనిమిదో నెలలోనే ఉయ్యాల పంపింది. ఉయ్యాల వచ్చింది. ఆడు రాలేదు."

అంతే అంది. మళ్ళీ గ్రైండరు వెయ్యలేదు. పచ్చడి గిన్నెలోకి తీసింది.

ఉయ్యాల వల్ల ఎవరికీ ఏమీ కాదని, డిగ్రీలో జీవశాస్త్రం చదివిన నేను ఆవిడకి చెప్పగలను. చెప్పలేదు. ఆవిడకి ఆ సంగతి తెలియక కాదు. తెలిసినా ఆ డబ్బా మీది బిడ్డ వంక చూడలేకపోయింది. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఎవరికీ చెప్పకుండా తీసి పక్కన పెట్టింది. నన్ను చిన్నబుచ్చాలన్న ఉద్దేశం అందులో ఎక్కడా లేదు. అయినా లోపల పిల్ల కుర్చీలో ఒరుగుతూనే ఉంది. ఆవిడ భయం నిజం, దీని తుంటి నొప్పీ నిజం. రెంటిలో దేన్నీ కాదనడానికి లేదు.

డబ్బా పారేద్దాం వదినా అన్నాను. ఏనుగుల తొడుగుకి జిప్పు ఉంది, ఊడి వచ్చేస్తుంది. లోపల ఉత్త తెల్ల దిండు. "పిల్లది ఏదీ ఇంట్లోకి రాదు. పిల్ల తల్లిది ఒక్కటే వస్తాది."

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, పద సూద్దాం అంది.

ఇద్దరం వెనక మెట్లు దిగి గోడౌన్లోకి వెళ్ళాం. లంగా గుడ్డల కట్టలూ, దుప్పట్ల మూటలూ పైకప్పు దాకా ఉన్నాయి. వాటి మధ్య నా డబ్బా. నేను దిండు లాగి జిప్పు తీసి, తొడుగు ఊడదీసి డబ్బాలో కుక్కాను. తొడుగు పోయాక అది నిజంగానే ఉత్త దిండు. ఆవిడ ఒక కొస పట్టుకుని నొక్కి చూసింది. బట్టల కొట్టు మనిషి కదా, ముందు వేళ్ళతోనే చూస్తుంది. కుట్టు తిరగేసి చూసింది. దీని పొడుగేటి, ఇది పడుకోడానికా, మనిషిని కట్టేయడానికా అంది. నవ్విందో లేదో ఆ చీకట్లో నాకు సరిగా కనపడలేదు. మెట్లెక్కేటప్పుడు పట్టుకోవడం కుదరక దాన్ని మెడ చుట్టూ వేసుకుంది.

పడగ్గదిలో బీరువా తీసి, ఉతికి ఉతికి పాలమీగడలా అయిపోయిన నూలు చీర ఒకటి బయటికి తీసింది. తనదే. దిండు చుట్టూ చుట్టింది. నేను పిన్నీసుల కోసం వెతుకుతుంటే, గుచ్చుకుంటాయి, వద్దంది. ఇటూ అటూ రెండు కొసల దగ్గరా ముడి వేసింది. అప్పుడు ఆవిడే వెళ్ళి, గాజులు తొడగడం అయిపోయిన కోడల్ని హాల్లోంచి లేపి తీసుకొచ్చింది. నేను కాదు, ఆవిడ. ఆ వీధిలో చెప్పుకునే కథలో ఈ ముక్క తిరగబడింది.

వడ్డాణం తీసేశాం. కుచ్చిళ్ళు వదులు చేశాం. నేను చెప్పాను, ఆవిడ పడుకోబెట్టింది. ఎడమవైపుకి తిప్పి, మోకాళ్ళు కాస్త మడిచి, దిండు ముందుచెయ్యి మోకాళ్ళ మధ్య నుంచి చీలమండల దాకా వచ్చేలా పెట్టి, పొట్ట బరువు దాని అంచు మీదకి వాలేలా జరిపి, వెనకచెయ్యి నడుముకి ఆనించాం. పిల్ల గాజుల చెయ్యి దిండు మీద వేసుకుంది. కళ్ళు మూసుకునే, "తుంటి మీద కూర్సున్నోలు దిగిపోయారు పెద్దమ్మా" అంది. అత్తగారు ఏటంటాది ఇది అన్నట్టు నా వంక చూసింది. నేను నొప్పి గురించి పిల్ల ఫోన్లో చెప్పినదంతా చెప్పాను, కుర్చీలో కునుకుతో సహా. ఆవిడ మంచం అంచున కూర్చుని అంతా విన్నది. చెప్పడం అయ్యేసరికి పిల్ల నిద్రపోయింది.

అదీ అందరూ నా నెత్తిన వేస్తున్న నేరం.

హాల్లో కర్పూరం పళ్ళెం సిద్ధంగా ఉంది. వీడియోవాడు లైటు వేసుకుని నిలబడ్డాడు. మా చెల్లి నాలుగుసార్లు గుమ్మం దాకా వచ్చి, నాలుగుసార్లూ నన్నే చూసి పళ్ళు కొరికి వెళ్ళింది. దాని కూతురు నిద్రపోవడం కంటే వియ్యాలవారి ముందు హారతి ఆలస్యం కావడం దాన్ని ఎక్కువ బాధపెట్టింది. ఆ సంగతి తర్వాత నేను దానికి చెప్పాను, అది ఏడ్చింది, నేనూ కాస్త ఎక్కువే అన్నాను. చివరికి ఆ ఇంటి ముసలావిడ, వియ్యపురాలి అత్తగారు, కుర్చీలోంచే తీర్పు చెప్పింది. "కప్పురం ఎప్పుడైనా వెలుగుతాది. పడుకోనీండి. ముందు బోయినాలు పెట్టండి."

అందరూ పులిహోర, చక్కెర పొంగలి, కొబ్బరి పచ్చడితో దద్దోజనం తిన్నారు. హారతి ముందు భోజనాలేమిటని గొణిగినవాళ్ళు కూడా రెండోసారి పొంగలి అడిగి వేయించుకున్నారు. ఆడవాళ్ళలో సగం మంది చేతులు కడుక్కొని ఒక్కొక్కరే పడగ్గది తలుపు సందులోంచి చూసి వచ్చారు. తలుపు దగ్గర గుసగుసలు నేను విన్నాను. అది ఎక్కడ దొరుకుతుంది అని అడిగింది ఒకావిడ. నాకు కడుపుతో ఉన్నప్పుడు సయాటికాతో తుంటి నుంచి కాలంతా లాగేసేది, ఎవరూ ఇలాంటిది చెప్పలేదు అంది ఇంకొకావిడ. ఎవరో ఒకామె మాత్రం ఇదంతా సోకు అంది. ఆమె ఎవరో నాకు తెలుసు, రాయను.

గంటన్నర తర్వాత పిల్ల తనంతట తనే లేచి, ఒళ్ళు విరుచుకొని, ఆకలేస్తోంది అంది. ముందు హారతి ఇచ్చారు. ఫోటోల్లో దాని ఎడమ బుగ్గ మీద అత్తగారి చీర అంచు అచ్చు పడి ఉంటుంది. హారతి ఆగిపోయిందనేవాళ్ళు ఆ ఫోటో చూడొచ్చు.

మర్నాడు మా చెల్లి తన కూతుర్ని పురిటికి గజపతినగరం తీసుకెళ్ళింది. దిండు కారు వెనక సీట్లో వాళ్ళిద్దరికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది. నేను ముందు సీట్లో కూర్చుని, వెండి గిన్నెలున్న సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మిగిలిన వారాలు పిల్ల హాయిగా నిద్రపోయిందని నేను గొప్పలు చెప్పను. రాత్రికి రెండు మూడుసార్లు బాత్రూముకి లేచేది, మళ్ళీ వచ్చి ఆ వంపులో దూరి పడుకునేది. కుర్చీ అవసరం రాలేదు, అంతే. చీర తొడుగు వారానికోసారి ఉతికి ఆరేసేవారు. చెప్పులు సాయంత్రాలు తప్పనిసరిగా వేసుకునేది. మా చెల్లి కూడా ఇంట్లో అవే వేసుకుని తిరుగుతోందని నాకు తర్వాత తెలిసింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. బారసాల నాడు ఆ ఏనుగుల తొడుగు రాజాం నుంచి ఉతికి, ఇస్త్రీ చేసి వచ్చింది. వియ్యపురాలే తన చేత్తో తొడిగింది.

ఇప్పుడావిడ తమ చుట్టాల్లో ఏ సీమంతం జరిగినా అలాంటి దిండే ఇస్తోంది. మొదటిది కొట్లో వాళ్ళ చేత బూరుగుదూదితో కుట్టించింది. రాయిలా ఉందని చెప్పాను. ఒప్పుకోలేదు గానీ రెండోది దూది తగ్గించి కుట్టించింది. ముదురు రంగు చీరలు తొడుగుకి బాగోవు అన్నాను, మరక కనపడదు కదా అంది. మా ఇద్దరికీ ఫోన్లో దెబ్బలాడుకోవడం అలవాటైపోయింది. నేను ఫోను చెయ్యని వారం ఆవిడే చేస్తుంది.

ఒక్కటి మాత్రం ఆవిడ నాకు చెప్పడంలేదు. ఆ రోజు పిల్ల నిద్రపోయాక, నేను బయటికి వచ్చినా ఆవిడ మంచం అంచు మీంచి లేవలేదు. వడ్డనకి పిలవడానికి నేను మళ్ళీ వెళ్ళేసరికి, దిండు కొస మీద, ఆ ముడి దగ్గర, చెయ్యి వేసి కూర్చునుంది. అప్పుడు అడిగాను. అన్నాలు సల్లారిపోతన్నాయి అని లేచి వెళ్ళిపోయింది. బారసాల నాడు అడిగితే నవ్వింది. మొన్న ఫోన్లో అడిగితే, నీకెందుకు వదినా అంది. నాకు కావాలి. ఆవిడకి నాలుగుసార్లు నెలలు నిండాయి, ఈ ఇంట్లోనే, కింద కొట్టూ పైన పదిమందీ ఉన్న ఈ ఇంట్లోనే. ఆ నాలుగుసార్లూ ఆవిడ ఎక్కడ పడుకుంది, నడుం కింద ఏం పెట్టుకుంది?